తాయెత్తు, దిష్టి, దట్టీ: ఏది నమ్మకం, ఏది మూఢనమ్మకం?

ప్రశ్న: మా స్కూల్ పత్రికకు ఎనిమిదో తరగతి పిల్లలు పీర్ల పండుగ మీద వ్యాసం రాశారు. అందులో "పీరుకు దట్టీ కట్టడం, తాయెత్తు వేసుకోవడం, దిష్టి తీయడం లాంటి మూఢనమ్మకాలు మా ఊళ్లో ఇంకా ఉన్నాయి" అని ఒక వాక్యం ఉంది. దాన్ని అలాగే ఉంచాలా, 'మత విశ్వాసాలు' అని మార్చాలా? అసలు మతాలు వీటిని ఏమంటాయి?
– ఒక తెలుగు టీచర్, దేవరకొండ

సమాధానం: టీచర్ గారూ, ఆ వాక్యాన్ని ముందు మూడు ముక్కలు చేయించండి. దట్టీ, తాయెత్తు, దిష్టి ఒక్క కోవకు చెందినవి కావు. మూడింటికీ కలిపి ఏ పేరు పెట్టినా కనీసం ఒకదాని విషయంలో అది తప్పవుతుంది.

దట్టీ సంగతి తేలిక. దట్టి అంటే నడుముకు చుట్టుకునే గుడ్డ. పీర్ల పండుగలో మొక్కుకున్నవాళ్లు పీరుకు చుట్టే కొత్త గుడ్డను మన దగ్గర దట్టీ అంటాం. అది మనిషి పీరుకు ఇచ్చేదే గాని, కీడు తగలకుండా మనిషి ఒంటికి కట్టుకునేది కాదు. కాబట్టి అది మొక్కు. నల్లగొండ పల్లెల్లో హిందువులూ ముస్లింలూ కలిసి దట్టీలు కడతారు. పిల్లలు "దట్టీ కట్టి మొక్కు తీర్చుకుంటారు" అని రాస్తే సరిపోతుంది. పీరు దగ్గర మంత్రించిన దారం తెచ్చి బిడ్డ చేతికి కడితే మాత్రం అది తాయెత్తు కోవలోకి వస్తుంది.

దిష్టి సంస్కృతంలోని 'దృష్టి' నుంచి వచ్చింది. జిష్టి అనేవాళ్లూ ఉన్నారు, ఉర్దూ కలిసిన ఇళ్లలో నజర్ అంటారు. ఇక్కడ క్రియను గమనించండి. దిష్టి 'తగులుతుంది'. ఎవరో కావాలని చేయనక్కర్లేదు, ముచ్చటపడి చూసిన కన్నతల్లి దిష్టి కూడా బిడ్డకు తగులుతుందంటారు. చేతబడి అలా కాదు, దాన్ని ఎవరో 'చేస్తారు'. ఆ క్రియ వెనక ఒక దోషి కావాలి, ఆ దోషి కోసం వెతుకులాటలో అమాయకుల ప్రాణాలు పోయాయి. ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపి రాసే అలవాటు పత్రికల్లో కనిపిస్తుంది. అది ప్రమాదకరమని నా గట్టి అభిప్రాయం. పిల్లలకు ఈ తేడా ఇప్పుడే చెప్పండి.

ఇక తాయెత్తు. మీ ప్రశ్నలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ముస్లింల ఇళ్లలో దీన్ని తావీజు అంటారు. అరబ్బీలో ఆ మాటకు మూలం 'శరణు కోరడం'. నమాజులోనూ ఖురాన్ చదవబోయే ముందూ పలికే 'అఊజు బిల్లాహ్' (అల్లాహ్ శరణు కోరుతున్నాను) అనేదీ అదే ధాతువు నుంచి పుట్టింది. ఖురాన్‌లో చివరి రెండు సూరాలు ఫలఖ్, నాస్ కూడా ఆ శరణు మాటతోనే మొదలవుతాయి. ఫలఖ్ చివరి వాక్యం అసూయపడేవాడి కీడు నుంచి రక్షణ కోరుతుంది. 'కంటి దెబ్బ నిజం' అనే ప్రవక్త మాట బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉంది. అంటే ఇస్లాంలో దిష్టి విశ్వాసంలో భాగమే. మరి మెడలో వేలాడే తావీజు? 'తమీమా వేలాడదీసుకున్నవాడు షిర్క్ చేసినట్టే' అనే హదీసు కూడా ఉంది. షిర్క్ అంటే అల్లాహ్‌కు సాటి కల్పించడం. తమీమా అంటే అప్పటి అరబ్బులు పిల్లలకు కట్టిన పూసలు, తాయెత్తులు. అందులో ఖురాన్ వాక్యం రాసి ఉంటే ఏమిటన్న దగ్గర పండితులు విడిపోయారు. అహ్లె హదీస్ వాళ్లు అదీ వద్దంటారు. దేవ్‌బంద్ పండితులు షరతులతో ఒప్పుకుంటారు. రాసింది దైవవాక్యమే అయి ఉండాలి, మేలు అల్లాహ్ వల్లనే గాని రేకు వల్ల కాదని నమ్మాలి. బరేల్వీలు, దర్గాలకు వెళ్లే జనం తావీజును మామూలుగానే వాడతారు. ఇన్ని పక్షాల్లో ఎవరూ దీన్ని తెలివితక్కువతనం అనే లెక్కన తూచడం లేదు. దేవుడికి దక్కాల్సిన నమ్మకం రేకుకు దక్కుతోందా అన్నదే వాళ్ల ప్రశ్న. షిర్క్‌ను 'మూఢనమ్మకం' అని అనువదిస్తే ఆ అర్థమంతా పోతుంది.

కేథలిక్కుల మాట కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. 1992లో వెలువడిన వాళ్ల ధర్మోపదేశ గ్రంథం తాయెత్తులు ధరించడాన్ని తప్పుపడుతుంది. అంతటితో ఆగదు. ప్రార్థననైనా సంస్కార చిహ్నాన్నైనా, లోపలి మనసుతో పని లేకుండా పైపై క్రియే ఫలితమిస్తుందని నమ్మితే అదీ మూఢాచారమే అంటుంది. మెడలో సిలువ వేసుకున్న భక్తుడికీ ఆ హెచ్చరిక వర్తిస్తుందన్నమాట.

హిందూ సంప్రదాయంలో ఇలా తేల్చి చెప్పే ఒక్క పీఠం లేదు. అథర్వవేదంలో రక్షకోసం కట్టే మణుల మంత్రాలున్నాయి. భాగవతం దశమస్కంధంలో పూతన చనిపోయాక గోపికలు ఆవుతోక తిప్పి, గోధూళి పూసి, ఒక్కో అవయవానికీ విష్ణునామం చెప్పి కృష్ణుడికి రక్ష కడతారు. మన ఇళ్లలో ఉప్పు, ఎండుమిరపకాయలు బిడ్డ చుట్టూ తిప్పే నాయనమ్మ చేసేదీ అలాంటి పనే. మరోపక్క 'సత్యార్థప్రకాశ్' రెండో అధ్యాయంలో ఆర్యసమాజ స్థాపకుడు దయానంద సరస్వతి దారాలు, యంత్రాలు కట్టి డబ్బు గుంజేవాళ్లను ఘాటుగా ఖండించారు. నిజాం రాజ్యంలో ఆర్యసమాజం బలంగా పనిచేసింది కాబట్టి ఆ ఖండన మన ప్రాంతానికి కొత్త కాదు.

ఇప్పుడు 'మూఢ' దగ్గరికి వద్దాం. ముహ్ ధాతువుకు అయోమయపడటం, తెలివి కమ్ముకుపోవడం అని అర్థం. మూఢ, ముగ్ధ రెండూ దాని నుంచే వచ్చాయి. అంటే ఈ మాట మనిషి మనఃస్థితిని చెబుతుంది, వస్తువును కాదు. మెడలో రేకును చూసి అది మూఢనమ్మకమో కాదో చెప్పలేం. ఆ మనిషి ఆ తర్వాత ఏం చేశాడో చూడాలి.

ఒక ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చిందనుకుందాం. నాయనమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది, ఘాటు రాలేదు, 'దిష్టే' అంది. తల్లి బిడ్డనెత్తుకుని దవాఖానకు పోయింది. ఇది ఆచారం, మహా అయితే నమ్మకం. పక్కింట్లోనూ అదే జ్వరం, అదే ఘాటులేని పొగ. అక్కడ మాత్రం 'దిష్టే కదా, టెన్షన్ ఎందుకు' అని తాయెత్తు కట్టించి మూడు రోజులు ఊరుకున్నారు. ఇక్కడ మూఢనమ్మకం అనే మాట సరిగ్గా అతుకుతుంది. మిరపకాయల ఘాటు ఎంత వస్తుందన్నది పొయ్యి మంటను బట్టి ఉంటుంది. బాగా మండే మంటలో అవి భగ్గున కాలిపోతాయి, నిప్పుల మీద మాడితే ఇల్లంతా దగ్గు. ఆ పరీక్ష పొయ్యి సంగతి చెబుతుంది గాని బిడ్డ సంగతి చెప్పదు. దాన్ని పట్టుకుని వైద్యం ఆపేయడమే మౌఢ్యం.

'మత విశ్వాసాలు' అన్న మార్పు కూడా వద్దు. తావీజును షిర్క్ అనే ముస్లిం ఉన్నాడు, దారాన్ని ఖండించే ఆర్యసమాజీ ఉన్నాడు. ఆ మాట రాస్తే వాళ్ల తరఫున మనం అబద్ధం చెప్పినట్టవుతుంది. పిల్లల వాక్యాన్ని నేనైతే ఇలా దిద్దుతాను: "మా ఊళ్లో పీరుకు దట్టీ కట్టి మొక్కు తీర్చుకుంటారు. పిల్లలకు దిష్టి తగులుతుందని నమ్మి ఉప్పు, మిరపకాయలు తిప్పుతారు. కొందరు తాయెత్తు కడతారు, దాన్ని తప్పనేవాళ్లూ ఉన్నారు. జ్వరం వచ్చినా తాయెత్తు చాలని దవాఖానకు పోకపోవడం మూఢనమ్మకం." నాలుగో వాక్యం మాత్రం పిల్లలు అలాంటిది నిజంగా చూసి ఉంటేనే రాయించండి.