సీసాలో నెయ్యి గులాబీ రంగుకు మారింది, కేసు నిలబడుతుందా?

"లాయరు గారూ, మాది పర్లాకిమిడి. మనవడి అన్నప్రాసనకని పాతపట్నం కొట్లో పేరున్న కంపెనీ ఆవునెయ్యి అర లీటరు సీసాలు రెండు కొన్నాం. వాసన తేడాగా ఉందని, వీడియోలో చూపించినట్టు పంచదార, యాసిడ్ కలిపి చూస్తే గులాబీ రంగు వచ్చింది. కొట్టాయన కంపెనీనే అడుక్కోమంటున్నాడు. మా అబ్బాయి అదంతా వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేశాడు. కేసు వేయొచ్చా? వేస్తే ఒడిశాలోనా, ఆంధ్రాలోనా?"

అమ్మా, ముందు ఒకటి చెప్పండి, రెండో సీసా మూత తీశారా? తీయకపోతే ఇక తీయకండి. సీలు చెక్కుచెదరని ఆ సీసాయే మీ కేసు. యాసిడ్ పోసి చూసిన సీసా మీకు అనుమానం పుట్టించడానికి పనికొచ్చింది గానీ సాక్ష్యంగా ఎంతో దూరం రాదు. మూత తీశాక అందులో ఏం కలిసిందో, ఎవరు కలిపారో చెప్పడానికి మీ మాట తప్ప ఇంకేం ఆధారం ఉంటుంది? కంపెనీ లాయరు మొదట అడిగేది అదే, వాళ్ల తరఫున నేనున్నా అదే అడుగుతాను. అలాగని మొదటి సీసా పారేయొద్దు, మూత గట్టిగా బిగించి పక్కన పెట్టండి, లేబుల్ మాత్రం చింపకండి.

ఇక ఆ గులాబీ రంగు సంగతి. ఆ పరీక్ష ఉత్తది కాదు, ల్యాబుల్లో బౌడౌయిన్ టెస్ట్ అని చేసేదానికి అది ఇంటి రూపం. అయితే అది పట్టుకునేది నెయ్యి కల్తీని కాదు, నువ్వుల నూనెని. మన దేశంలో వనస్పతి, అదే ఇళ్లలో డాల్డా అంటామే, దాన్ని తయారుచేసేటప్పుడు గుర్తుగా నువ్వుల నూనె కలపాలని రూలు ఉంది. ఎవరైనా దాన్ని నెయ్యిలో కలిపితే ఆ నువ్వుల నూనె యాసిడ్‌లో ఎర్రగా బయటపడుతుంది. కాబట్టి రంగు వస్తే వనస్పతి కలిసి ఉండొచ్చు. కానీ మన వైపు ఇళ్లలో నువ్వుల నూనె ఎక్కడ లేదు చెప్పండి? దీపం కుందిలో ఉంటుంది, ఆవకాయ జాడీలో ఉంటుంది, దాన్ని కలిపిన గరిటెకీ అంటుకుని ఉంటుంది. ఆ గరిటెతోనో, సరిగ్గా కడగని స్పూనుతోనో నెయ్యి తీసి ఉంటే, నిఖార్సైన నెయ్యి కూడా లేత గులాబీకి తిరగొచ్చు. బాత్రూం కడిగే యాసిడ్ వాడారా అన్నది ఇంకో అనుమానం, వాటిలో కొన్నింటికి రంగు ముందే కలిపి ఉంటుంది. పంచదార వేయకుండా యాసిడ్ ఒక్కటే పోసినా రంగు వచ్చిందంటే అది నువ్వుల నూనె వల్ల కాదు, నెయ్యిలో ఏదో రంగు కలిపి ఉండొచ్చు.

అందుకే మళ్లీ చేసి చూడాలనిపిస్తే ఆ తెరిచిన సీసాతోనే చేయండి, కొత్త స్పూను తీసుకోండి, పక్కనే మీరు వెన్న కాచి తీసిన ఇంటి నెయ్యిని అదే యాసిడ్‌తో చేసి పోల్చండి. ఇంటి నెయ్యికీ రంగు వచ్చిందంటే తప్పు పరీక్షలో ఉందని తేలిపోతుంది. కిటికీలు తీసి చేయండి, ఆ పొగ మంచిది కాదు, పిల్లాణ్ణి దగ్గరికి రానివ్వకండి.

రంగు రాకపోయినా నెయ్యి మంచిదని కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. పామాయిల్ కలిపినా, జంతువుల కొవ్వు కలిపినా ఈ పరీక్షకి చిక్కదు. అరచేతిలో వేస్తే కరగడం కూడా అంతే, పామాయిల్ కూడా కరుగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే రెండు పొరలుగా విడిపోతుందని చెబుతారు గానీ, మంచి నెయ్యి బయట ఉన్నా కింద పూసగా, పైన పల్చగా విడుతుంది, అది దాని స్వభావం. పసుపు రంగు చూసి ఆవునెయ్యి అనుకోవడమూ నమ్మకమే, రంగు కలపడం ఎంతసేపు? ఇంటి పరీక్షల్లో కాస్త నమ్మదగ్గది టించర్ అయోడిన్. అర స్పూను నెయ్యిలో రెండు మూడు చుక్కలు వేస్తే నీలం తిరిగితే ఉడకబెట్టిన బంగాళాదుంపో, చిలగడదుంపో కలిపారని అర్థం, కానీ అది కూడా పిండి పదార్థాన్నే పడుతుంది. నెయ్యిలో ఉన్నది పాల కొవ్వేనా కాదా అని తేల్చేది ల్యాబులో కొవ్వులోని భాగాలను విడివిడిగా కొలిచే పరీక్షే. 2024 సెప్టెంబరులో తిరుపతి లడ్డూ నెయ్యి గొడవ వచ్చినప్పుడు అందరూ టీవీల్లో చూసిన రిపోర్టు ఆ తరహా పరీక్షదే.

ల్యాబు దాకా వెళ్లే ముందు లేబుల్ చదవండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఒకాయన వెన్న కల్తీ అని గుణుపురం నుంచి ప్యాకెట్ ఐసులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు, పాపం బస్సులో మూడుసార్లు ఐసు మార్చాడట. తిప్పి చూస్తే కింద చిన్న అక్షరాల్లో ఫ్యాట్ స్ప్రెడ్ అని ఉంది, పదార్థాల్లో మొదటిదే వెజిటబుల్ ఆయిల్. అది వెన్నే కాదు, ఇక కల్తీ ఎక్కడిది? టేబుల్ బటర్ అని రాస్తే అందులో కనీసం 80 శాతం పాల కొవ్వు ఉండాలి, నెయ్యి అంటే 99.5 శాతం. స్ప్రెడ్ అని, కుకింగ్ మీడియం అని రాసినా, దీపారాధనకు మాత్రమే అని రాసినా ఈ లెక్క వర్తించదు. మీ సీసాపై పదార్థాల దగ్గర పాల కొవ్వు తప్ప ఇంకేదైనా ఉందేమో చూడండి.

తర్వాత ఫుడ్ సేఫ్టీ లైసెన్స్ నంబరు, 14 అంకెలు ఉంటుంది. foscos.fssai.gov.in లో అది కొడితే ఏ కంపెనీ, ఏ ఊరు, లైసెన్స్ నడుస్తోందా లేదా అన్నది వస్తుంది. పేరున్న కంపెనీ కదా అన్నారు, ఆ పేరు అమ్మేవాళ్లది కావొచ్చు, కాచి నింపింది ఇంకెవరో కావొచ్చు. లేబుల్‌పై 'మాన్యుఫాక్చర్డ్ బై', 'మార్కెటెడ్ బై' అని రెండు చిరునామాలు ఉంటే రెండూ రాసుకోండి, కేసులో ఇద్దరినీ చేర్చాలి. ఇంకో అవకాశం కూడా ఉంది, ఆ కంపెనీ పేరుతో ఎవరో నకిలీ సీసాలు అమ్మడం. అందుకే బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఫొటో తీసి కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ చేసి, ఈ బ్యాచ్ మీదేనా అని ఒక్క ప్రశ్న అడగండి. మాది కాదన్నారంటే కేసు కొట్టాయన వైపు, అతనికి సరుకు వేసిన డిస్ట్రిబ్యూటరు వైపు తిరుగుతుంది. మాదే అన్నారంటే ఆ జవాబు దాచుకోండి, తర్వాత మాట మార్చలేరు.

ఇప్పుడు ఎక్కడ వేయాలన్నది. రెండు దారులున్నాయి, రెండింటి ఫలితం వేరు. ఫుడ్ సేఫ్టీ అధికారికి ఫిర్యాదు చేస్తే అమ్మిన చోటే చేయాలి, అంటే మీ విషయంలో శ్రీకాకుళం జిల్లా అధికారులకి, పర్లాకిమిడిలో ఇచ్చిన కాగితం వాళ్లు అటు పంపడమే తప్ప చేయగలిగేది లేదు. ఆ అధికారి కొట్టుకి వెళ్లి అదే సరుకు శాంపిల్ తీసి నాలుగు భాగాలు చేసి సీలు వేస్తాడు, అనలిస్ట్ 14 రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి. నాసిరకం అని తేలితే 5 లక్షల దాకా జరిమానా, ఆరోగ్యానికి హాని చేసేదని తేలితే జైలు శిక్ష కూడా ఉంటుంది. కానీ ఆ జరిమానా ప్రభుత్వానికి వెళుతుంది, మీకు రూపాయి రాదు.

అధికారి కదలకపోతే 2006 ఫుడ్ సేఫ్టీ చట్టంలో 40వ సెక్షన్ ఉంది, దీని గురించి చాలామందికి తెలియదు. మామూలు కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు, తేడా తేలితే ఆ ఫీజు తిరిగి వస్తుంది. మెలిక ఏంటంటే, దీన్ని పరీక్షకి పంపబోతున్నాను అని కొనేటప్పుడే కొట్టాయనకి చెప్పాలి. మీరు అన్నప్రాసనకని కొన్నారు, ఆ మాట చెప్పలేదు, కాబట్టి ఆ రెండు సీసాలూ ఈ సెక్షన్ కిందకి రావు. మళ్లీ వెళ్లి అదే బ్యాచ్ సీసా ఒకటి కొని, ఆ సంగతి రెండు వాక్యాల్లో రాసి సంతకం పెట్టించుకోండి, పెట్టనంటే పక్కన ఒక మనిషిని సాక్షిగా పెట్టుకోండి.

మీకు పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే చోటే వేయొచ్చు, అంటే కొన్నది ఆంధ్రాలో అయినా గజపతి జిల్లా కమిషన్‌లో పర్లాకిమిడిలోనే వేసుకోవచ్చు, అటు ఇటు తిరిగే పని లేదు. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. సరుకులో లోపం చూసి చెప్పలేని సందర్భాల్లో కమిషనే మీ దగ్గరి శాంపిల్ తీసుకుని సీలు వేసి ల్యాబుకి పంపుతుంది, ఆ రెండో సీసా అవసరం ఇక్కడే. ల్యాబు ఖర్చు ముందు మీచేతే కట్టిస్తారు. ఇంతా చేసి రెండు సీసాల డబ్బు, కాస్త పరిహారం, ఖర్చులు వస్తాయి, లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. పిల్లాడికి ఆ నెయ్యి తిని వాంతులో విరేచనాలో అయి డాక్టరు చీటీ ఉంటే మాత్రం లెక్క మారుతుంది, అది మీరు రాయలేదు.

బిల్లు ఉందా? తెల్ల చీటీ మీద అంకెలు మాత్రమే రాసి ఇచ్చాడంటే మళ్లీ వెళ్లి సరైన బిల్లు అడగండి, బిల్లు ఇవ్వకపోవడం కూడా వినియోగదారుల చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతే. ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ స్క్రీన్ షాట్ బిల్లుకి తోడుగా పనికొస్తుంది.

చివరిగా మీ అబ్బాయి వీడియో. కంపెనీ పేరు కనిపించేలా పెట్టి కల్తీ అని రాశాడా? అలాగైతే ల్యాబు రిపోర్టు లేకుండా అన్న మాట అవుతుంది, పరువు నష్టం కింద, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, వాళ్లే మీ మీదకి రావొచ్చు. ఈ రాత్రికే గ్రూపుల్లోంచి తీసేయమనండి, ఫోన్‌లో ఉన్న అసలు వీడియో మాత్రం ఉంచమనండి, తేదీ, సమయంతో సహా అది మనకి కావాలి. రేపు వచ్చేటప్పుడు రెండో సీసా, బిల్లు తెచ్చుకోండి, మొదటి సీసా ఇంట్లోనే ఉండనివ్వండి.