శాటిన్ అంటే పట్టు కాదు, అదొక నేత

“శాటిన్ బట్ట అంత జారుడుగా ఎందుకుంటుంది, గోరు తగిలినా పోగు ఎందుకు లేస్తుంది? శాటిన్, పట్టు రెండూ ఒకటేనా?”

ఒకటి కాదండీ. పట్టు అనేది పోగు, శాటిన్ అనేది ఆ పోగును నేసే పద్ధతి. పట్టుతో శాటిన్ నేయొచ్చు, పాలిస్టర్‌తోనూ నేయొచ్చు. అదే పట్టును మామూలు సాదా నేతలో నేస్తే అది శాటిన్ కాదు.

నేను బట్టలు కుట్టుకుంటాను. నా దగ్గర రెండు స్కార్ఫులు ఉండేవి, రెండూ అసలు పట్టే, ఒకటి సాదా నేత, ఇంకొకటి శాటిన్ నేత. సాదా దాన్ని ఏళ్ల తరబడి వాడినా ఒక్క పోగు లేవలేదు. శాటిన్ దాన్ని మాత్రం మూడోసారి కట్టుకున్నప్పుడే ఉంగరం రాయి తగిలి ఒక పోగు సెంటీమీటరు పొడవున లూపులా బయటికొచ్చింది, దానికి రెండు వైపులా బట్ట ముడుచుకుపోయి గీతలా కనపడింది. చాలా బాధేసింది. పోగు ఒకటే అయినప్పుడు తేడా నేతలోనే ఉండాలి కదా అని భూతద్దం పెట్టి చూశాను.

సాదా నేతలో పొడవునా సాగే పడుగు పోగు అడ్డంగా వచ్చే ఒక పేక మీదుగా, ఒక పేక కిందుగా వెళ్తుంది, అంటే అడుగడుగునా పోగు బిగిసి ఉంటుంది. నా శాటిన్‌లో ఒక్కో పడుగు పోగు నాలుగు పేకల మీదుగా పోయి ఒక్క పేక కిందకి దిగి మళ్లీ పైకొస్తోంది. పక్క పోగు దిగే చోటు దీని పక్కనే ఉండదు, రెండు పేకలు జరిగి ఉంటుంది. పక్కపక్కనే ఉంటే జీన్స్ బట్టలోలా ఏటవాలు గీతలు తేలేవి. ఇలా చెదిరి ఉండటం వల్ల ఒక పోగు దిగిన చోటును అటూ ఇటూ ఉన్న పోగులు కమ్మేస్తాయి, ఇక పైనుంచి చూస్తే పోగులన్నీ ఒకే దిక్కుగా పరిచి పెట్టినట్టే ఉంటుంది. ఆ మెరుపు దాని వల్లే. వెనక్కి తిప్పితే మెరుపు ఉండదు, ఎందుకంటే అటు వైపు ఎక్కువగా కనపడేవి పేక పోగులు.

జారుడూ అక్కడిదే. సాదా నేతలో పోగు ప్రతి పేక దగ్గరా ఎక్కి దిగుతుంది, ఆ ఎత్తుపల్లాలు వేలికి ఆనుతాయి, శాటిన్‌లో అవి చాలా తక్కువ. కాకపోతే అంతా నేతదే అనలేను, పోగుకూ వాటా ఉంది. పట్టుగానీ పాలిస్టర్ ఫిలమెంట్‌గానీ మధ్యలో తెగకుండా పొడవుగా ఉండే నున్నటి పోగు, పైగా శాటిన్ కోసం దాన్ని పెద్దగా పురి తిప్పరు. ఇదే రకం నేతను పత్తితో నేస్తే మెత్తగా, కొంచెం మెరుస్తూ ఉంటుంది కానీ అంతగా జారదు, పత్తి పీచు పొట్టిది కాబట్టి కొసలు నూగులా పైకి తేలుతాయి.

ఇక పోగు లేవడం. నాలుగు పేకల మీద ఊరికే పడుకుని ఉన్న ఆ ముక్క కింద దాన్ని పట్టుకునేది ఏమీ లేదు, గోరుగానీ ఉంగరంగానీ సులువుగా దూరుతుంది. ఏడు పేకల మీదుగా దాటించే శాటిన్ కూడా ఉంది, అందులో ఇంకా సులువు. ఒకసారి లాగితే మధ్యలో అడ్డుపడే కట్లు తక్కువ కాబట్టి పోగు రెండు వైపుల నుంచీ జారి వచ్చేస్తుంది, బట్ట ముడుచుకునేది అందుకే.

అలా లేచిన పోగును కత్తిరించకండి, అక్కడ గీతలా ఖాళీ పడుతుంది. నేను ఆ పోగు వెళ్లే దిక్కునే బట్టను రెండు వేళ్లతో మెల్లగా సాగదీస్తూ వచ్చాను, చాలావరకు దానంతటదే లోపలికి సర్దుకుంది. మిగిలిన చిన్న లూపును సన్నటి సూదితో వెనక్కి దింపాను. ఇప్పుడు వెతికితే తప్ప కనపడదు. పోగు తెగి ఉంటే మాత్రం ఇది పనిచేయదు.

కొనేటప్పుడు “శాటిన్” అన్న మాటను బట్టి ఏమీ తేల్చకండి, లేబుల్ మీద పోగు ఏమిటో చూడండి. లేబుల్ లేకపోతే కుట్టు లోపలి అంచు నుంచి రెండు మూడు పోగులు తీసి, పట్టకారుతో పట్టుకుని, సింక్ మీద కాల్చి చూడొచ్చు. పట్టు ప్రోటీన్ కాబట్టి వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది, అది నలగదు. వేడి మీద మాత్రం ముట్టుకోకండి, చర్మానికి అంటుకుంటుంది.