తాళం చెవి తిరగని కల మళ్లీ మళ్లీ వస్తుంటే

ప్రశ్న: కొన్ని నెలలుగా ఒకే కల వస్తోంది. మూసిన తలుపు ముందు నిలబడి ఉంటాను. తాళం చెవి సరిగ్గానే పడుతుంది కానీ ఎంత తిప్పినా తిరగదు. గుండె దడతో మెలకువ వస్తుంది. దీని అర్థం ఏమిటి? ఆపే మార్గం ఉందా?

జవాబు:

ముందుగా ఆపడం గురించి చెబుతాను. దానికి పరీక్షించి చూసిన పద్ధతి ఒకటి ఉంది, నాకు మేలు చేసింది కూడా.

మా అమ్మకు ఒంట్లో బాగాలేని రోజుల్లో, నేను ఆమెకు దూరంగా వేరే ఊళ్లో ఉన్నప్పుడు, నాకూ ఇలాంటి కలే వచ్చేది. గది లోపలి నుంచి అమ్మ పిలుస్తూ ఉంటుంది. చెవి సగం తిరిగి ఆగిపోతుంది. బలంగా తిప్పితే వంగుతుంది, తీసి మళ్లీ పెడితే రంధ్రం చిన్నదైపోతుంది. సరిగ్గా అక్కడే మెలకువ వచ్చేది. ఆ తర్వాత నిద్ర పట్టడం ఒక ఎత్తయితే, మరునాటి రాత్రి పడుకోవాలంటేనే జంకు కలగడం ఇంకో ఎత్తు.

అప్పుడు నాకు మేలు చేసిన పద్ధతిని నిద్ర వైద్యంలో ‘ఇమేజరీ రిహార్సల్ థెరపీ’ అంటారు. కలను మెలకువలో ఉండగా తిరగరాసి, ఆ కొత్త కలను మనసులో సాధన చేయడమే ఇది. బారీ క్రాకౌ అనే వైద్యుడు, ఆయన బృందం లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడుతున్న మహిళలపై దీన్ని పరీక్షించి, 2001లో ఫలితాలు ప్రచురించారు. పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగుపడింది. అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం కూడా 2018లో పీడకలల చికిత్సకు ఈ పద్ధతినే సిఫారసు చేసింది.

చేయవలసింది ఇది. పగటిపూట, ఎవరూ కదిలించని సమయంలో కూర్చుని కలను వర్తమాన కాలంలో రాయండి: ‘తలుపు ముందు ఉన్నాను, చెవి పెట్టాను’ అన్నట్టు. తర్వాత దాన్ని మీకు నచ్చినట్టు మార్చి మళ్లీ రాయండి. ఆ కొత్త కథను రోజూ పది, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని మొదటి నుంచి చివరి దాకా చూడండి. పాత కలను మాత్రం సాధన చేయకూడదు. దాన్ని ఒకసారి రాసి పక్కన పెట్టేయాలి.

మార్పు ఎక్కడ పెట్టాలన్నదే అసలు మెళకువ. చాలామందికి మొదట తట్టేది ‘చెవి తిరిగింది, తలుపు తెరుచుకుంది’ అనే ముగింపు. నాకు అది మనసుకు పట్టలేదు. కళ్లు మూసుకోగానే చేతికి పాత బిగువే తగిలేది. నన్ను భయపెడుతున్నది తాళం కాదు, అమ్మ పిలుస్తుంటే ఆలస్యమైపోతోందన్న ఆదుర్దా అని రాస్తుండగా తెలిసింది. అందుకే మార్పు అక్కడే పెట్టాను. చెవి సగంలో ఆగగానే చేయి తీసేస్తాను. తలుపు మీద తట్టి ‘అమ్మా, ఇక్కడే ఉన్నాను’ అంటాను. ఆమె లేచి వచ్చి లోపలి గడియ తీస్తుంది. ఈ కథ మనసుకు సులువుగా పట్టింది. కొన్ని వారాల్లో కల రావడం బాగా తగ్గింది. వచ్చినప్పుడు కూడా చెవి ఇరుక్కునేదే, కానీ ఆ దడ ఉండేది కాదు. నా దృష్టిలో అసలు ఫలితం అదే.

ఇక అర్థం సంగతి. మూసిన తలుపు వస్తే ఇది, చెవి విరిగితే అది అని చెప్పే జాబితాలను నేను నమ్మను. ఒకే తలుపు ఒకరికి పరీక్ష కావచ్చు, మరొకరికి మాటలు ఆగిపోయిన అన్నయ్య కావచ్చు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1900లోనే, కలలో కదలలేకపోవడాన్ని మనసులోని రెండు కోరికల ఘర్షణగా చూశాడు. శరీరం వైపు నుంచి ఇంకో వివరణ ఉంది. కలలు బాగా వచ్చే రెమ్ నిద్రలో చేతులూ కాళ్లూ తాత్కాలికంగా పట్టు సడలి ఉంటాయి. మెదడు ‘తిప్పు’ అని ఆదేశించినా చేయి కదలదు, కదిలినట్టు కబురూ రాదు. ఆ లోటే కలలో మొరాయించే తాళంగా కనిపిస్తుందని ఊహించవచ్చు. ఇది నిరూపితమైన సంగతి కాదు, కానీ ఇలాంటి కలను అపశకునంగా తీసుకోనక్కరలేదని నాకు ధైర్యమిచ్చింది. అందుకే అర్థం కోసం తలుపును వదిలేసి, చెవి ఆగిన క్షణంలో మీకు కలిగే భావం ఏమిటో రాసుకోండి. వెలుపల ఉండిపోయానన్న బాధా, ఎవరో తరుముతున్నారన్న భయమా, లోపల ఉన్నదాని మీద బెంగా? దాన్నిబట్టే మీ మార్పు ఎక్కడ ఉండాలో తేలుతుంది.

కొన్ని సందర్భాల్లో ఇది ఒంటరిగా చేయకండి. నిజంగా ఎవరైనా మిమ్మల్ని గదిలో బంధించి ఉంటే, లేదా కలలో జరిగిన దాడి నిజంగానే జరిగి ఉంటే, మానసిక వైద్యుడి తోడుతో మొదలుపెట్టండి. కల రావడం కొత్త మందు వేసుకున్నాకే మొదలైతే, ముఖ్యంగా రక్తపోటుకు ఇచ్చే కొన్ని బీటా బ్లాకర్లు, డిప్రెషన్ మందులు అయితే, మందు మీరే ఆపేయకుండా రాసిచ్చిన డాక్టరుకు చెప్పండి. కలలో తలుపును తన్నుతూ మంచం మీద నిజంగానే కాళ్లు చేతులు విసురుతున్నారని పక్కన పడుకున్నవారు చెబితే అది వేరే సమస్య. అప్పుడు నిద్ర సమస్యలు చూసే నిపుణుడి దగ్గరకు వెళ్లాలి.