వెనక్కి వచ్చిన ఫీజు: మళ్ళీ పంపే ముందు ఏం తేల్చుకోవాలి?

ప్రశ్న: విదేశంలో మాస్టర్స్ చేస్తున్నాను. రెండో సెమిస్టర్ ఫీజు 6,000 యూరోలు బ్యాంకు ద్వారా పంపాను. వారం తర్వాత, పేరూ ఖాతా వివరాలూ సరిపోలలేదంటూ డబ్బు తిరిగి వచ్చింది. అందులోనూ 55 యూరోలు తగ్గాయి. గడువు దగ్గర పడింది. వెంటనే మళ్ళీ పంపేయనా? రిజిస్ట్రేషన్ ఆపేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఈ రోజే మళ్ళీ పంపకండి. అవే వివరాలతో పంపితే డబ్బు మళ్ళీ తిరిగొస్తుంది, ఇంకో వారం పోతుంది. ముందు యూనివర్సిటీ ఫీజుల విభాగానికి మెయిల్ రాయండి. పంపిన తేదీ, మొత్తం, మీ స్టూడెంట్ నంబర్ చెప్పి, చెల్లింపు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చిన కాగితం జత చేయండి. గడువు కొన్ని రోజులు పెంచమనీ, ఆలస్య రుసుము వేయొద్దనీ అడగండి. గడువు లోపలే డబ్బు పంపారని ఆధారం కనిపిస్తే మీ మాట వినే అవకాశం ఎక్కువ. గడువు దాటాక రాస్తే ఆ బలం తగ్గుతుంది.

తర్వాత మీ బ్యాంకును రెండు అడగండి: మీ బ్యాంకు అవతలి బ్యాంకుకు పంపిన చెల్లింపు సందేశమైన MT103 లేదా ఇప్పుడు దాని స్థానంలో వాడే pacs.008 కాపీ, డబ్బు తిప్పిపంపడానికి అవతలి బ్యాంకు చెప్పిన కారణం కోడ్. కింద MT103 అన్నచోటల్లా మీకు ఇచ్చిన ఆ కాపీ అనే అర్థం. AC01 అంటే ఖాతా నంబర్ తప్పు. BE01 అంటే మీరు రాసిన పేరు ఆ ఖాతాదారుతో సరిపోలలేదు. ఈ రెండింటికీ మందు వేరు కాబట్టి ఏది వచ్చిందో తెలియకుండా ముందుకెళ్లొద్దు.

మీరు పంపింది యూరోలు కాబట్టి బహుశా IBAN అనే అంతర్జాతీయ ఖాతా నంబర్ వాడి ఉంటారు. అందులో దేశం అక్షరాల తర్వాత వచ్చే రెండు అంకెలు సరిచూపు కోసం పెట్టినవి. ఒక అంకె తప్పు కొడితే దాదాపు ఎప్పుడూ సిస్టమ్ అక్కడే పట్టేస్తుంది. మీరు రాసిన IBANను సిస్టమ్ అంగీకరించిందంటే టైపింగ్ తప్పు కన్నా పేరు తప్పే అయి ఉండే అవకాశం ఎక్కువ. లేదా పాత ఇన్‌వాయిస్‌లోని, ఇప్పుడు వాడుకలో లేని ఖాతాకు పంపి ఉండొచ్చు.

పేరులో తేడా ఎక్కువగా మూడు చోట్ల వస్తుంది. మనం పిలిచే యూనివర్సిటీ పేరు ఒకటైతే, ఖాతా దాని చట్టబద్ధమైన సంస్థ పేరునో, ఫీజులు వసూలు చేసే కంపెనీ పేరునో ఉంటుంది. రెండోది, పేరు పొడవుగా ఉంటే కొన్ని ఫారాలు 35 అక్షరాల దగ్గర కోసేస్తాయి. మూడోది నేను తరచూ చూసేది: మీ ఒక్కరికే కేటాయించిన ఖాతా నంబర్ చూసి, బెనిఫిషియరీ దగ్గర విద్యార్థి తన పేరే రాసేస్తాడు. మీ పేరూ స్టూడెంట్ నంబరూ రాయాల్సింది రిఫరెన్స్ గడిలో. ఆ కాపీలో బెనిఫిషియరీ పేరు ఉన్న చోట చూడండి, MT103 రూపంలో అది 59 అనే ఫీల్డ్; అవతలి బ్యాంకుకు వెళ్లిన పేరు అక్కడ ఉంటుంది. దాన్ని ఇన్‌వాయిస్ పక్కన పెట్టి చదివితే తప్పు చాలాసార్లు వెంటనే దొరుకుతుంది.

ఒకవేళ పేరూ నంబరూ రెండూ ఇన్‌వాయిస్‌లో ఉన్నట్టే ఉంటే, ఆ ఇన్‌వాయిస్ ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించండి. "మా బ్యాంకు ఖాతా మారింది" అంటూ మెయిల్‌లో వచ్చిన వివరాలైతే అది మోసం కావచ్చు, తిరిగి రావడం మీ అదృష్టం. స్టూడెంట్ పోర్టల్‌లో లాగిన్ అయి చూడండి, లేదా యూనివర్సిటీ సైట్‌లో ఉన్న ఫోన్ నంబర్‌కు కాల్ చేసి సరిచూసుకోండి. ఆ మెయిల్‌లోని నంబర్‌కు మాత్రం వద్దు.

ఇక తగ్గిన 55 యూరోలు. డబ్బు వెళ్లేటప్పుడూ, తిరిగొచ్చేటప్పుడూ దారిలోని బ్యాంకులు ఛార్జీ కోసుకోవచ్చు. పంపేవారే ఛార్జీలన్నీ భరించే OUR పద్ధతి ఎంచుకున్నా, అది సాధారణంగా తిరుగు దారి ఖర్చులకు వర్తించదు. మీ ఖాతా వేరే కరెన్సీలో ఉంటే మారకం రేటు తేడా కూడా పడుతుంది. అయితే మీరు ఫారంలో సరిగ్గా రాసిన పేరును బ్యాంకు సిబ్బంది తప్పుగా ఎక్కించి ఉంటే, ఆ ఫారం కాపీ, MT103 రెండూ చూపించి నష్టం భరించమని రాతపూర్వకంగా అడగండి. తప్పు మీదైతే ఆ డబ్బు వస్తుందని నేను ఆశ పెట్టను.

రెండోసారి పంపేటప్పుడు పేరును పోర్టల్‌లోని వివరాల నుంచి కాపీ చేసి పెట్టండి, OUR ఎంచుకోండి. ఛార్జీలు ఇద్దరూ పంచుకునే SHA పద్ధతి అయితే దారిలో కొంత కోత పడి, అక్కడికి 6,000 కన్నా తక్కువ చేరొచ్చు, అప్పుడు బాకీ మిగిలిపోతుంది. పంపిన రోజే కొత్త MT103ను ఫీజుల విభాగానికి మెయిల్ చేయండి. మూడు నాలుగు పనిదినాల్లో పోర్టల్‌లో జమ కనిపించకపోతే, MT103లోని UETR అనే ట్రాకింగ్ నంబర్ చెప్పి, డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో మీ బ్యాంకునే చూసి చెప్పమనండి.