పచ్చళ్ల యాడ్‌కి ఫోన్ వీడియోనా, స్టూడియో వీడియోనా?

ప్రశ్న: మాది పచ్చళ్లు, కారప్పొడులు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న బ్రాండ్. ఏజెన్సీ వాళ్లు స్టూడియోలో యాడ్ తీయిద్దాం అంటున్నారు. క్రియేటర్ చేత ఫోన్‌తో వీడియో చేయిస్తే చాలని ఫ్రెండ్స్ అంటున్నారు. రెండూ నడిపి చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జవాబు: మాదీ పచ్చళ్ల వ్యాపారమే, హైదరాబాద్ నుంచి కొరియర్‌లో పంపుతాం. మా పేరు ఎప్పుడూ విననివాళ్ల చేత మొదటి ఆర్డర్ పెట్టించడంలో ఫోన్ వీడియోదే పైచేయి. కానీ పెట్టిన ఆర్డర్లు కాకుండా ఇంటికి చేరి డబ్బు వచ్చిన ఆర్డర్లు లెక్కేసుకుంటే ఆ తేడా దాదాపు కనపడకుండా పోయింది.

మా స్టూడియో వీడియో లోగోతో మొదలయ్యేది. ఆ తర్వాత ఎండుమిర్చి స్లో మోషన్‌లో రాలేది. చూడ్డానికి బాగానే ఉండేది, కానీ చూడగానే యాడ్ అని తెలిసిపోయి జనం పైకి జరిపేసేవారు. క్రియేటర్ వీడియోలో ఆవిడ వంటగది గట్టు మీద పార్సిల్ పెట్టి, కత్తెరతో కోసి, సీసాను తలకిందులుగా పట్టుకుని "నూనె ఒక్క చుక్క కారలేదు చూడండి" అంటుంది. వేడన్నంలో కలుపుకోవడం ఆ తర్వాత సంగతి. ఆన్‌లైన్‌లో పచ్చడి కొనేవాళ్లకు రుచి కంటే ముందు వచ్చే అనుమానం నూనె కారుతుందేమోననే. ఆవిడ దానికే ముందు జవాబు చెప్పింది.

మూడు సెకన్ల వీడియో ప్లేలను ఇంప్రెషన్లతో, అంటే యాడ్ మొత్తం ఎన్నిసార్లు కనపడిందో ఆ అంకెతో భాగిస్తే ఎంతమంది ఆగి చూశారో తెలుస్తుంది. అందులో స్టూడియో వీడియో బాగా వెనకపడింది. కెమెరా చేతిలో ఊగడం వల్లే జనం నమ్ముతున్నారా అని నాకు అనుమానం వచ్చింది. అందుకే అదే స్టూడియో ఫుటేజీని మళ్లీ ఎడిట్ చేయించాం. సీసా మూత తీసి గరిటెతో పచ్చడి తీసే షాట్ మొదట్లో పెట్టి, లోగోను చివరికి నెట్టాం. ఆగి చూసేవాళ్లు పెరిగారు, అంటే అక్కడ తప్పు కెమెరాది కాదు, షాట్ల వరసది. అయినా ఆర్డర్లలో మాత్రం ఫోన్ వీడియోని అందుకోలేదు. నూనె గురించిన అనుమానం అలాగే ఉండిపోయింది కదా.

మీరు పోల్చేటప్పుడు రెండు వీడియోలనూ ఒకే యాడ్ సెట్‌లో వేయకండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్లు నడిపే మెటా తొందరగా ఒకదాన్ని ఎంచుకుని బడ్జెట్ అంతా దానికే పోసేస్తుంది, రెండోదానికి అవకాశమే దక్కదు. యాడ్స్ మేనేజర్‌లోనే ఏ/బీ టెస్ట్ ఉంది, అది జనాన్ని రెండు గుంపులుగా విడదీసి ఒక్కో గుంపుకి ఒక్కో వీడియో చూపిస్తుంది. ధర, ఆఫర్, క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీ రెండింటికీ ఒకటే ఉండాలి. రెండూ నిలువు వీడియోలే అయి ఉండాలి. ఒక్కోదానికి పదో పదిహేనో ఆర్డర్లు వచ్చినప్పుడే ఏది గెలిచిందో తేల్చేయకండి. యాడ్ ఎవరికి చూపించాలో మెటా నేర్చుకునే లెర్నింగ్ ఫేజ్‌ని యాడ్ సెట్ దాటాలంటేనే వారంలో 50 దాకా ఫలితాలు కావాలని మెటా చెబుతుంది.

ఇక అసలు లెక్క. ఇవి మా అంకెలు కావు, సులువుగా అర్థం కావడానికి అనుకుందాం. ఒక్కో వీడియోకి రూ. 20,000 పెట్టారు. ఫోన్ వీడియోకి 100 ఆర్డర్లు, అంటే ఆర్డర్‌కి రూ. 200. స్టూడియోకి 80, అంటే రూ. 250. ఫోన్ వీడియో గెలిచినట్టే కనిపిస్తుంది. ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీ తీసుకోకుండా వెనక్కి పంపినవి చూడండి. ఫోన్ వైపు 21, స్టూడియో వైపు 6. రానూపోనూ కొరియర్‌కి ఒక్కోదానికి రూ. 120 వేసుకుంటే, ఫోన్ వీడియోకి మొత్తం ఖర్చు రూ. 22,520, చేరినవి 79. స్టూడియోకి రూ. 20,720, చేరినవి 74. చేరిన ఆర్డర్‌కి ఒకవైపు రూ. 285, ఇంకోవైపు రూ. 280. పైగా తిరిగొచ్చిన పచ్చడిని మళ్లీ అమ్మలేం. యాడ్స్ మేనేజర్ ఇవేవీ చూపించదు. ఆర్డర్ ఏ వీడియో నుంచి వచ్చిందో తెలిసేలా ఒక్కో వీడియో లింక్‌కి యూటీఎం అనే వేరే గుర్తు పెట్టి, కొరియర్ రిపోర్ట్‌తో మీరే కలిపి చూసుకోవాలి.

మా దగ్గర వాపసులు పెరగడానికి ఒక కారణం వీడియోలోనే ఉంది. చివర్లో ఆవిడ "డబ్బులు ఇప్పుడే కట్టక్కర్లేదు, ఇంటికొచ్చాక ఇవ్వచ్చు" అనేది. ఆ మాట తీసేసి, ముందే కట్టినవాళ్లకు చిన్న తగ్గింపు పెట్టాక వాపసులు తగ్గాయి. అప్పుడు ఫోన్ వీడియో నిజంగానే ముందుకొచ్చింది.

అలాగని స్టూడియో డబ్బు వృథా అనను. వెబ్‌సైట్‌లో ఉత్పత్తి పేజీకి, పండగలకు అమ్మే గిఫ్ట్ బాక్సులకు మేం ఇప్పటికీ ఆ షాట్లే వాడుతున్నాం. రూ. 1,500 పెట్టె కొనేవాళ్లు ప్యాకింగ్ నీట్‌గా కనపడాలనుకుంటారు, ట్యూబ్‌లైట్ కింద తీసిన వీడియో అక్కడ నప్పదు. మీకు ఒకదానికే బడ్జెట్ ఉంటే మాత్రం ముందు క్రియేటర్ దగ్గరికే వెళ్లండి. ఎడిట్ చేసిన వీడియోతో పాటు ముడి ఫుటేజీ కూడా అడగండి. జనానికి మొహం మొత్తగానే, మళ్లీ షూట్ లేకుండా మొదటి మూడు సెకన్లు మార్చి కొత్త వీడియో చేసుకోవచ్చు. యాడ్‌గా ఎన్ని నెలలు నడుపుకోవచ్చో రాతపూర్వకంగా ఒప్పుకోండి. లేకపోతే వీడియో బాగా నడుస్తున్నప్పుడే ఆపేయమనో, ఇంకా డబ్బు ఇవ్వమనో ఫోన్ వస్తుంది.