అయిదో నెలలో ఆ 340 కేలరీలు ఎక్కడి నుంచి రావాలి?

అమెరికాకు కొత్తగా వచ్చి, ఇక్కడే తొలికాన్పుకు సిద్ధమవుతున్న అమ్మాయిలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "అక్కా, డాక్టర్ రోజూ అరగంట నడవమన్నారు, తేలికపాటి రబ్బరు బ్యాండ్లతో వ్యాయామం కూడా చేయవచ్చన్నారు. మరి ఎంత ఎక్కువ తినాలి?" ఊరి నుంచి అమ్మ ఫోనులో ఇద్దరి తిండి తినమంటుంది. అంత అవసరం లేదు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా, కడుపులో ఒక్క బిడ్డే ఉండి ముందునుంచీ బరువు సరిగ్గా ఉన్నవారికి, ఇక్కడి డాక్టర్లు చెప్పే అదనం రోజుకు 340 కేలరీలు. (బ్రిటన్‌లో ఉన్నవారికి వేరే మాట వినిపిస్తుంది. అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చివరి మూడు నెలల్లోనే, అదీ 200 కేలరీలే అదనం అంటుంది.) అరగంట మామూలు నడకకు సుమారు వంద కేలరీలు ఖర్చవుతాయి. దానికోసం మరో భోజనం పెట్టుకోనక్కరలేదు. ఖాళీ కడుపుతో బయలుదేరకుండా, గంట ముందు ఒక అరటిపండు తింటే చాలు.

అసలు చిక్కు ప్రోటీన్ దగ్గర వస్తుంది. కిలో బరువుకు 1.1 గ్రాముల లెక్కన, అరవై కిలోల మనిషికి రోజుకు 66 గ్రాములు కావాలి. గుడ్డు మాత్రం తినే శాకాహారి అమ్మాయి రోజును చూద్దాం. పొద్దున మూడు ఇడ్లీలు, పచ్చడి: సుమారు 8 గ్రాములు. మధ్యాహ్నం ఒకటిన్నర కప్పుల అన్నం, పల్చటి పప్పు, కూర, పెరుగు: 17. సాయంత్రం టీ, బిస్కెట్లు: 5. రాత్రి రెండు చపాతీలు, కూర, కాస్త పెరుగు: 12. మొత్తం 42. ఇంకా 24 గ్రాములు తక్కువ.

ఆ అదనపు 340 కేలరీలను అన్నంతోనే నింపితే ప్రోటీన్ ఏడు గ్రాములు మించదు. అదే రెండు ఉడికించిన గుడ్లు, ఒక కప్పు పాలు, అరకప్పు గట్టి పప్పు చేర్చండి. దాదాపు అన్నే కేలరీలతో 26 గ్రాములు వస్తాయి. లోటు తీరిపోతుంది. గుడ్డు కూడా తినని వారు వాటి బదులు 70 గ్రాముల పనీర్ వేసుకోవచ్చు, కేలరీలు మాత్రం కాస్త పెరుగుతాయి. సరిగా తింటున్నామో లేదో తూకమే చెబుతుంది: ఈ నెలల్లో వారానికి సుమారు అర కిలో లోపు పెరుగుదల మామూలు. ప్రోటీన్ పొడులంటే నాకు నమ్మకం తక్కువ. వాటిని మందుల్లాగా ముందే పరీక్షించి అమ్మరు. డాక్టర్‌కు డబ్బా చూపించకుండా మొదలుపెట్టవద్దు.

ప్రోటీన్ కోసం మనవాళ్లు మొదట పట్టుకునేది మొలకెత్తిన పెసలు. పచ్చివి ఇప్పుడు వద్దు. గింజ పగుళ్లలో చేరిన బాక్టీరియా మొలకెత్తే వెచ్చని తడిలో పెరుగుతుంది, ఎంత కడిగినా పోదు. ఇంట్లో కట్టిన మొలకలైనా అంతే. బాగా ఉడికిస్తే నిశ్చింతగా తినవచ్చు. గుడ్డు సొన గట్టిపడే దాకా ఉడకాలి. పచ్చిపాలతో చేసిన మెత్తటి చీజులు, చల్లగా తినే మాంసపు ముక్కల శాండ్‌విచ్‌లు మానేయండి.

చేపలు తినేవారికి ఒక్క మాట. భారతీయ దుకాణాల్లో 'కింగ్ ఫిష్' పేరుతో దొరికే గడ్డకట్టిన ముక్కలు మన వంజరమే. ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పాదరసం ఎక్కువని గర్భిణులను వద్దనే కింగ్ మాకెరెల్‌కు అది దగ్గరి చుట్టం. నేనైతే కాన్పయ్యే దాకా పక్కన పెట్టమంటాను. రొయ్యలు, సాల్మన్, తిలాపియా లాంటివి వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా తినవచ్చు.

ఆదివారం వండి వారమంతా తినే అలవాటు ఇక్కడ అందరికీ వస్తుంది. గర్భిణులకు ఎక్కువగా సోకే లిస్టీరియా అనే బాక్టీరియా ఫ్రిజ్‌లోని చలిలోనూ పెరుగుతుంది. కాబట్టి ఫ్రిజ్ 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉందో లేదో చిన్న థర్మామీటర్ పెట్టి చూడండి. వండినది రెండు గంటల్లోపు అందులోకి వెళ్లాలి, మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి, తినేటప్పుడు పొగలు వచ్చేలా వేడెక్కాలి. మిగిలితే ఫ్రీజర్‌లో పెట్టండి. విందుల్లో సాయంత్రమంతా బల్ల మీదున్న అన్నం, పెరుగు పచ్చళ్లు మర్యాదగా వదిలేయండి.

వ్యాయామంలో మాట్లాడగలిగేంత ఊపిరి మిగలాలి. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, పిక్కలో నొప్పి కనిపిస్తే వెంటనే ఆపి డాక్టర్‌కు ఫోను చేయాలి. లిస్టీరియా లక్షణాలు తిన్న కొన్ని వారాలకు కూడా బయటపడవచ్చు, చూడటానికి మామూలు జ్వరం, ఒళ్లునొప్పుల్లాగే ఉంటాయి. జ్వరం 100.4 దాటితే నడక వల్ల వచ్చిన నొప్పులని సరిపెట్టుకోకండి. అదే రోజు ఫోను చేసి, ఈమధ్య బయట ఏమి తిన్నారో కూడా చెప్పండి. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేసి, యాంటీబయాటిక్ త్వరగా మొదలుపెడతారు.