రిజైన్ లెటర్ మాత్రం ఇవ్వనివ్వకండి

ప్రశ్న: మేడం, మా అమ్మాయి విజయవాడలో ఒక బట్టల షోరూంలో బిల్లింగ్‌లో చేస్తోంది. చేరి ఏడు నెలలైంది, జీతం 24 వేలు, షోరూంలో ఓ నలభై మంది ఉంటారు. ఇప్పుడు తనకి ఐదో నెల, మొదటి కాన్పు, డాక్టరు జూన్ 20 డేట్ ఇచ్చారు. ఈ సంగతి చెప్పగానే బిల్లింగ్ నుంచి తీసి చీరల సెక్షన్‌లో వేశారు, రోజంతా నిలబడే ఉండాలి. ఇప్పుడేమో రిజైన్ చెయ్యమ్మా, డెలివరీ అయ్యాక మళ్ళీ తీసుకుంటాం అంటున్నారు. చేసేయమందామా?

జవాబు: వద్దమ్మా, అస్సలు వద్దు. ఆ "మళ్ళీ తీసుకుంటాం" అన్న మాట కాగితం మీద రాసివ్వమనండి, రాసివ్వరు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. కడుపుతో ఉన్న అమ్మాయిని కంపెనీయే తీసేసినా, పెద్ద తప్పు చేసిందని రాతపూర్వకంగా చెప్పి తీసేస్తే తప్ప, మెటర్నిటీ డబ్బు ఇవ్వాల్సిందేనని చట్టం చెప్తోంది. అదే తనంతట తాను రిజైన్ చేసిందనుకోండి, ఇక బలవంతంగా రాయించారని మనమే నిరూపించుకోవాలి. అందుకే వాళ్ళు తీసెయ్యరు, మన చేతే రాయిస్తారు.

ఏడు నెలలకే లీవ్ రాదని కూడా అని ఉంటారు. డెలివరీ డేట్‌కి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేస్తే చాలు, మీ అమ్మాయి ఎప్పుడో దాటేసింది. పదిమంది, ఆపైన ఉన్న షాపులకీ ఇది వర్తిస్తుంది. మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు, అందులో డెలివరీకి ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. ఇది 2017లో 12 నుంచి పెంచిన లెక్క. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టాన్ని సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిపేశారు గానీ ఈ విషయాలు మారలేదు. జూన్ 20 నుంచి వెనక్కి లెక్కేస్తే ఏప్రిల్ 25 నుంచి లీవ్ పెట్టొచ్చు, అక్టోబర్ 23తో 182 రోజులు పూర్తవుతాయి. అంటే దగ్గర దగ్గర ఆరు నెలల జీతం, లక్షా నలభై వేలు పైమాటే, రిజైన్ చేస్తే పోయేది అదన్నమాట. ఒక్కసారి పే స్లిప్ తీసి ఈఎస్ఐ కటింగ్ ఉందేమో చూడండి, ఉంటే డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది, లేకపోతే షోరూం వాళ్ళే ఇవ్వాలి.

ఇక డ్యూటీ సంగతి, ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్తాను. ఎక్కువసేపు నిలబడే పని, బరువైన పని చేయించకూడదని చట్టంలో స్పష్టంగానే ఉంది, కానీ అది అమ్మాయి అడిగితేనే, పైగా డెలివరీకి ఆరు వారాల ముందు వచ్చే నెల రోజులకీ, ఆ ఆరు వారాల్లో లీవ్ పెట్టకుండా పనిచేసే రోజులకీ మాత్రమే. మీ లెక్కలో ఏప్రిల్ 9 నుంచి. అప్పుడు కూర్చునే పని ఇచ్చినందుకు జీతం కోయకూడదు. మరి ఇప్పుడు ఐదో నెలలో ఎలా అంటే, చూపించే డాక్టరు దగ్గర "ఎక్కువసేపు నిలబడకూడదు" అని రాయించుకుని, మళ్ళీ బిల్లింగ్‌లో వెయ్యమని మెయిల్‌లో అడగాలి. ఇప్పటికిప్పుడు ఒప్పుకోకపోవచ్చు, కానీ చెప్పిన వెంటనే సెక్షన్ మార్చారన్న విషయం తేదీలతో సహా రికార్డులో పడుతుంది, రేపు గొడవైతే పనికొచ్చేది అదే. ఫోన్లో, నోటితో అడిగితే ఏమీ మిగలదు.

లీవ్ నోటీసు కూడా మెయిల్‌లోనే పెట్టించండి. ఏ తేదీ నుంచి లీవ్, డెలివరీ డేట్ ఎప్పుడు, డబ్బు తనకో తను చెప్పిన మనిషికో ఇవ్వాలని, ఆ రోజుల్లో ఇంకెక్కడా పనిచెయ్యనని రాసి, డాక్టర్ సర్టిఫికెట్ జతచేస్తే చాలు. డెలివరీకి ముందు రోజుల డబ్బు అడ్వాన్సుగా ఇవ్వాలి, మిగతాది బిడ్డ పుట్టిన ప్రూఫ్ ఇచ్చిన 48 గంటల్లో. కాపీ ఇంట్లో ప్రింట్ తీసి ఉంచుకోండి, ఎందుకంటే ఆఫీసు మెయిల్ ఎప్పుడు బ్లాక్ చేస్తారో తెలీదు (ఒకమ్మాయికి ఇలాగే అయింది, పాపం నా దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఒక్క కాగితం లేదు).

లీవ్‌లో ఉండగా తీసెయ్యడం గానీ, జీతమో పోస్టో తగ్గించడం గానీ కుదరదు. అలా చేస్తే లేబర్ ఆఫీసులో అప్పీలు పెట్టుకోవచ్చు, ఆర్డరు చేతికొచ్చిన 60 రోజుల్లోపే, కాన్పు హడావిడిలో పడి ఆ గడువు మాత్రం దాటనివ్వకండి. నీది కాంట్రాక్ట్, మధ్యలో అయిపోతుంది అన్నా భయపడక్కర్లేదు, గడువు ముగిసినా ప్రయోజనం పూర్తిగా ఇవ్వాలని 2023లో కవితా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అక్టోబర్ 24న మళ్ళీ చేరాక బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా మామూలు రెస్ట్ కాకుండా రోజుకి రెండుసార్లు పాలివ్వడానికి బ్రేక్ అడగొచ్చు, దానికీ జీతం కోయకూడదు. క్రెష్ మాత్రం యాభై మంది ఉన్న చోటే తప్పనిసరి, మీ షోరూంలో నలభై మందే కాబట్టి బిడ్డని ఎవరు చూసుకుంటారో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.